డిప్రెషన్ ప్రశ్నావళి: తిరుగు అనువాదం పట్టుకోలేని తప్పు

ఇంగ్లిష్‌లో పరీక్షలకు నిలిచిన ఒక డిప్రెషన్ ప్రశ్నావళిని తెలుగులోకి తేవాలంటే చాలా బృందాలు ఒకే దారి పడతాయి. ఒకరు దాన్ని తెలుగు చేస్తారు. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లిష్ చేస్తారు. రెండు ఇంగ్లిష్ పాఠాలను పక్కపక్కన పెట్టి, పెద్ద తేడా లేకపోతే అనువాదం కుదిరిందని తేల్చుకుంటారు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ రాసిన పరిశోధన పత్రం తర్వాత ఈ తిరుగు అనువాదం పరిశోధన రంగంలో ఆనవాయితీగా స్థిరపడింది. వదిలేసిన వాక్యాలను, తారుమారైన అర్థాలను అది బాగానే పట్టుకుంటుంది. అయితే అది పోల్చేది రెండు ఇంగ్లిష్ వాక్యాలను మాత్రమే. ప్రశ్న విన్న మనిషికి ఏం అర్థమైందో తెలుసుకునే మార్గం అందులో లేదు. ఆ సంగతి కనుక్కునే పద్ధతి వేరే ఉంది, దాన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. మన బృందాలు తమ సమయంలో ఎక్కువ భాగం దీనికే కేటాయించాలన్నది నా వాదన.

ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళినే తీసుకుందాం. క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ దాని పనితీరును పరీక్షించి 2001లో ప్రచురించారు. గత రెండు వారాల గురించి తొమ్మిది అంశాలు అడుగుతారు. ఒక్కో దానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 27. తొమ్మిదో అంశం చనిపోతే మేలనే ఆలోచనల గురించి, తనను తాను గాయపరచుకోవాలనే ఆలోచనల గురించి అడుగుతుంది. దీనికి సున్నా కాక వేరే ఏ జవాబు వచ్చినా ఆత్మహత్య ప్రమాదం ఉందేమోనని వెంటనే విడిగా మాట్లాడి చూడాలి. అంటే ఈ ఒక్క వాక్యంలో తప్పు దొర్లితే మొత్తం మార్కులతో సంబంధం లేకుండానే నష్టం జరుగుతుంది.

ఆ రెండో సగాన్ని అనువాదకుడు ‘మిమ్మల్ని మీరు బాధపెట్టుకోవాలనే ఆలోచనలు’ అని రాశాడనుకుందాం. తిరుగు అనువాదంలో మూలంలోని ‘హర్ట్’ అనే క్రియే చక్కగా తిరిగి వస్తుంది. రెండు పాఠాలను పోల్చి చూసే కమిటీ సంతృప్తి పడుతుంది. ఇక్కడే చిక్కు ఉంది. ఆ ఇంగ్లిష్ క్రియ శరీరానికీ మనసుకూ రెండింటికీ చెల్లుతుంది కాబట్టి, తెలుగు వాక్యం మనసు వైపు ఒరిగిపోయినా ఇంగ్లిష్‌లో ఆ ఒరుగు కనబడదు.

ఇప్పుడు ఇదే వాక్యాన్ని ఒక స్త్రీకి చదివి వినిపించారనుకోండి. ఆమె ‘చాలా రోజులు’ అని జవాబిస్తుంది. ఇంటర్వ్యూ చేసే వ్యక్తి అక్కడ ఆగి, ‘ఈ ప్రశ్న మిమ్మల్ని ఏం అడుగుతోందో మీ మాటల్లో చెప్పండి’ అంటారు. ‘అయిపోయినవన్నీ తలచుకుని నన్ను నేనే బాధపెట్టుకుంటూ ఉంటాను కదండీ, అదే అడిగారు’ అంటుందామె. ఆమెకు దిగులు ఉంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన లేదు. ఒక్క ప్రశ్నతో బయటపడిన ఈ సంగతి ఎన్ని తిరుగు అనువాదాలు చేయించినా బయటపడదు. ‘ప్రశ్న అర్థమైందా?’ అని అడిగినా పడదు. అలా అడిగితే దాదాపు అందరూ అర్థమైందనే అంటారు. అందుకే ఈ ఇంటర్వ్యూల్లో ప్రశ్నను సొంత మాటల్లో చెప్పమంటారు, ఆ జవాబును ఎలా ఎంచుకున్నారో వివరించమంటారు, ఆలోచిస్తున్నది పైకి చెప్పమంటారు.

సవరణ కూడా ఒక్క దెబ్బతో కుదరదు. ‘శరీరానికి గాయం చేసుకోవాలని’ అని మారిస్తే కొందరు కత్తి గాట్లే గుర్తు చేసుకుని, విషం సంగతి ఇందులోకి రాదనుకోవచ్చు. ‘మీకు మీరే ఏదైనా హాని చేసుకోవాలని’ అంటే పరిధి పెరుగుతుంది, కానీ చదువు తక్కువైన వారికి అది అందుతుందో లేదో మళ్లీ మనుషులనే అడగాలి. అందుకే ఇంటర్వ్యూలు విడతలుగా జరుగుతాయి. ఒక విడతలో కొద్దిమందితో మాట్లాడి, వాక్యం మార్చి, కొత్త వారితో మళ్లీ పరీక్షిస్తారు. ఆ కొద్దిమందిలో డిప్రెషన్‌తో బాధపడుతున్నవారు, లేనివారు, అక్షరాలు రానివారు, వేర్వేరు వయసులవారు ఉండాలి. విశ్వవిద్యాలయ విద్యార్థులతోనే విడతలన్నీ ముగిస్తే చిక్కులు దాగే ఉంటాయి. ఇంకొకటి: ఈ అంశంపై మాట్లాడుతుండగా నిజంగానే ప్రమాదంలో ఉన్నవారు బయటపడవచ్చు. వారిని అప్పటికప్పుడు చూడగలిగే వైద్యులు అందుబాటులో లేకుండా ఇంటర్వ్యూ మొదలుపెట్టడం తప్పు.

ప్రశ్నల మీద ఇంత శ్రమపడే బృందాలు కూడా జవాబుల వరుసను తేలిగ్గా దాటేస్తాయి. మూడో ఎంపిక, అంటే రెండు మార్కులది, ‘సగానికి పైగా రోజులు’. రెండు వారాల్లో ఎనిమిది రోజులో అంతకన్నా ఎక్కువో అని దాని ఉద్దేశం. వినేవారు దీన్ని ‘రోజులో సగానికి పైగా’ అని పట్టుకునే అవకాశం ఉంది. నాలుగు రోజులపాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీరసంగా ఉన్న మనిషి ఒక మార్కు బదులు రెండు మార్కుల జవాబు ఎంచుకుంటాడు. ఇలాంటి పొరపాటు ఐదు అంశాల్లో జరిగితే ఐదు రావలసిన మొత్తం పదికి చేరుతుంది. డిప్రెషన్ ఉండవచ్చని లెక్కించడానికి సాధారణంగా వాడే హద్దు పదే. ఒక్క పదబంధం వల్ల స్వల్ప లక్షణాలున్న మనిషి హద్దు దాటేస్తాడు. ‘పద్నాలుగు రోజుల్లో సుమారు ఎన్ని రోజులు?’ అని వెంట అడిగితే ఈ పొరపాటు బయటపడుతుంది. అతను నాలుగు అంటే వాక్యం మార్చక తప్పదు.

మరో ప్రమాదం కమిటీ గదిలో పుడుతుంది. నిరాశ గురించి అడిగే రెండో అంశాన్ని ఒక మంచి అనువాదకుడు ‘ఇక బాగుపడే దారి లేదనిపించడం’ అని రాస్తాడు. తిరుగు అనువాదంలో అది మూలంలా కనబడదు. అదే పదానికి పదం పేర్చిన వాక్యమైతే అచ్చుగుద్దినట్టు తిరిగి వస్తుంది. పోలికకే మార్కులు వేసే కమిటీ మొదటిదాన్ని కొట్టేసి, ఎవరూ మాట్లాడని రెండోదాన్ని ఉంచుతుంది. ఇలా సహజమైన తెలుగు బలి కావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. తేడా కనబడినప్పుడు తెలుగును దిద్దే ముందు, ఆ తేడా ఇంటర్వ్యూలో కూడా కనబడుతోందా అని చూడాలి.

ఇంటర్వ్యూలు తీర్చలేని లోటు ఒకటి మిగులుతుంది. 2001 అధ్యయనంలో మానసిక ఆరోగ్య నిపుణులు 580 మందితో విడిగా మాట్లాడి, ఆ నిర్ధారణలను ప్రశ్నావళి మార్కులతో పోల్చారు. పది హద్దు దగ్గర డిప్రెషన్ ఉన్నవారిలో 88 శాతం మందిని అది గుర్తించింది, లేనివారిలో 88 శాతం మందిని లేనివారిగానే తేల్చింది. ఆ పది ఆ ఇంగ్లిష్ వాక్యాలకు, ఆ రోగులకు చెందిన సంఖ్య. మాటలు మారాక, ప్రశ్నలను స్వయంగా చదువుకునే బదులు ఆరోగ్య కార్యకర్త చదివి వినిపించే పరిస్థితి వచ్చాక, సరైన హద్దు ఎనిమిది కావచ్చు, పన్నెండు కావచ్చు. ప్రశ్నావళి ఫలితం తెలియని నిపుణులు కొత్తగా రోగ నిర్ధారణ చేసి పోల్చితేనే అది తేలుతుంది. ఆ పని పూర్తయ్యే వరకు తెలుగు పాఠానికి పది అనే హద్దును అరువుగానే పరిగణించాలి.

ప్రచురించే పత్రాల్లో తిరుగు అనువాదం జరిగిందని ఒక్క వాక్యం రాసి వదిలేయడం ఇకనైనా ఆగాలి. ఎన్ని విడతల ఇంటర్వ్యూలు జరిగాయి, ఏ అంశాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకున్నారు, దాని వల్ల ఏ మాట ఎందుకు మారింది అన్న పట్టికను అనుబంధంగా ఇవ్వాలి. అది ఉంటే మరో ప్రాంతంలో అదే పాఠాన్ని వాడబోయే వైద్యులు తమ రోగుల దగ్గర ముందుగా ఏ ప్రశ్నలను పరీక్షించాలో తెలుసుకుంటారు.