పోపు నూనెలో పొగ రాకూడదు, గింజలన్నీ ఒకేసారి పడకూడదు

"రెసిపీలో 'పోపు పెట్టండి' అని ఉంటే కంగారు పడకండి. నూనె పొగలు వచ్చేదాకా కాచి, పోపు గింజలన్నీ ఒక్కసారే వేసి, చిటపటమనగానే పప్పులో పోసేయడమే. అదంతా వాసన కోసమే. నూనె వద్దనుకుంటే అవే గింజలు కుక్కర్లో పప్పుతో పాటు వేసేయండి, తేడా ఏమీ ఉండదు."

పోపు గురించి వినిపించే ఈ సలహాలో దాదాపు ప్రతి మాటా తప్పే. ముందు పొగ సంగతి చూద్దాం. కొత్తగా వంట నేర్చుకునేవాళ్ళ పోపు ఎక్కువగా మాడేది అక్కడే. రిఫైన్డ్ వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె పొగ కక్కేది 220 డిగ్రీలు దాటాకే. ఆ వేడిలో ఎండుమిర్చి వేస్తే క్షణాల్లో నల్లబడి గొంతు పట్టేసే ఘాటు లేస్తుంది, మెంతులైతే కటిక చేదుగా మారతాయి. అదే గానుగ నూనెకి ఇంకా చాలా ముందే పొగ వస్తుంది. అంటే ఒక్కో నూనెకి ఒక్కో వేడిలో పొగ వస్తుంది కాబట్టి, పొగని చూసి పోపు వేడిని అంచనా వేయలేం.

నూనె కాగిందో లేదో ఆవగింజలే చెబుతాయి. రెండు గింజలు వేసి చూడండి. అడుగున కదలకుండా పడి ఉంటే ఇంకా కాగాలి. చుట్టూ సన్నటి బుడగలు లేచి, కాసేపటికి టప్పున పేలితే సరిగ్గా ఉన్నట్టు. పడీ పడగానే ఎగిరి నల్లబడితే స్టవ్ ఆపేసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ చూడాలి.

పొగ వచ్చేదాకా కాచడం సరైన పద్ధతి అయ్యే చోటు ఒకటుంది. బెంగాల్లోనూ ఉత్తరాదిలోనూ ఆవనూనెతో వండేవాళ్ళు దాని ఘాటు తగ్గడానికి అలా కాస్తారు. కానీ వాళ్ళు కూడా ఆ పొగలో గింజలు వేయరు. మంట తగ్గించి, నూనె కొంచెం చల్లబడ్డాకే పాంచ్ ఫోరన్ లాంటి పోపు గింజలు వేస్తారు. సగం పద్ధతి మాత్రం తెచ్చుకుని మన నూనెలకి తగిలిస్తే పోపు మాడక ఏమవుతుంది?

ఇక అన్నీ ఒక్కసారే వేయమనడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ సలహా. శనగపప్పు ఎర్రబడడానికి నిమిషం పైనే పడుతుంది. జీలకర్రకి కొన్ని క్షణాలు చాలు. ఇంగువకి అంత కూడా అక్కర్లేదు. వీటిని కలిపి వేస్తే జీలకర్ర మాడిపోతుంది, లేదా శనగపప్పు పచ్చిగా మిగిలి పంటి కింద రాయిలా తగులుతుంది. రెండూ బాగుండే క్షణం అంటూ ఉండదు.

నలుగురికి టమాటా పప్పు చేస్తున్నామనుకుందాం. ఒక కప్పు కందిపప్పు ఉడికించి, మెదిపి, ఉప్పు, పసుపు, కారం సరిచూసి పక్కన పెట్టుకున్నాం. చిన్న బాండీలో రెండు టీస్పూన్ల నూనె కాచి, సన్నటి సెగ మీద అర స్పూను మినప్పప్పు వేయాలి. అది లేత బంగారు రంగుకి తిరుగుతుండగా అర స్పూను ఆవాలు వేయాలి. మొదటి గింజ పేలగానే దించకూడదు, అప్పటికి చాలా గింజలు ఇంకా పేలి ఉండవు. చిటపటలు జోరందుకుని, మళ్ళీ పలచబడే దాకా ఆగాలి. అప్పుడు చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి, వాటి అంచులు ఎర్రబడ్డాక తుంచిన రెండు ఎండుమిరపకాయలు, అర స్పూను జీలకర్ర వేయాలి. మిరపకాయ ఉబ్బి, ఎరుపు కాస్త ముదురు కాగానే స్టవ్ ఆపేయాలి. చిటికెడు ఇంగువ, ఒక రెబ్బ కరివేపాకు ఆ తర్వాతే. బాండీలో మిగిలిన వేడి ఆ రెండిటికీ సరిపోతుంది. డబ్బాలో వచ్చే ఇంగువ పొడిలో పిండి కలిపి ఉంటుంది కాబట్టి అది ఇట్టే మాడుతుంది. ఇనప పోపు గరిటె వాడేవాళ్ళు ఇంకా ముందే ఆపాలి, స్టవ్ మీంచి తీశాక కూడా అది చాలాసేపు వేడిగానే ఉంటుంది.

ఆవాలు పేలడానికి ఎందుకు అంత పట్టింపు అంటే, గింజ లోపలి తేమ ఆవిరై పొట్టుని చీల్చుకుని వచ్చినప్పుడే ఆ చప్పుడు వస్తుంది. పేలని గింజ కొరికితే చేదుగా ఉంటుంది. అదే ఆవాలని నూరి నీళ్ళు తగలనిస్తే, గింజలో ఉన్న ఎంజైమ్ పనిచేసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూరలో మనం కోరేది ఆ ఘాటునే, అందుకే ఆవముద్దని స్టవ్ ఆపి, కూర చల్లారాక కలుపుతారు. పోపులో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నూనె వేడికి ఆ ఎంజైమ్ పాడైపోయి, ఘాటుకి బదులు వేపిన గింజ కమ్మదనం వస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి మాడుతుంది. మిరపకాయ నల్లబడి, వెల్లుల్లి ముదురు గోధుమ రంగుకి వెళ్ళిపోయి, దగ్గు తెప్పించే ఘాటు వస్తే ఆ పోపు పప్పులో పోయకండి. రెండు స్పూన్ల నూనె పోతే పోయింది, మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ చేదు పప్పులో కలిశాక నీళ్ళు పోసినా, చింతపండు పిండినా పోదు.

పోపు ఎప్పుడూ చివర్లో పోసేదే అనుకోవడం కూడా పొరపాటే. పప్పుకి, చారుకి, పచ్చడికి చివర పెడతాం. బెండకాయ వేపుడికి పోపుతోనే మొదలుపెడతాం. అప్పుడు గింజలు ముక్కలతో పాటు ఇంకో పావుగంట బాండీలోనే వేగుతాయి కాబట్టి, మినప్పప్పుని పప్పులోకి తీసుకున్నంత రంగు రానివ్వకుండా ముక్కలు వేసేయాలి.

చివరిది కుక్కర్ సలహా. నీళ్ళు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, కుక్కర్లో 120 దాకా వెళతాయి. ఆ తడి వేడిలో మినప్పప్పు ఉడుకుతుంది గానీ వేగదు, ఎర్రబడదు, ఆవాలు పేలవు. పైగా జీలకర్ర, ఇంగువల్లో వాసననిచ్చే పదార్థాలు, మిరపకాయ రంగు, కారం నీళ్ళలో సరిగా కరగవు, నూనెలో కరుగుతాయి. పోపులో ఆ నూనె వాటిని పట్టుకుని పప్పంతటికీ చేరవేస్తుంది. కాబట్టి అది వాసన కోసమే అనడం కుదరదు, రుచి, రంగు, పంటి కింద తగిలే కరకర అన్నీ అందులోనే ఉన్నాయి. కావాలంటే ఒక గిన్నె పప్పులో ఉడికించిన జీలకర్ర, ఇంకో గిన్నెలో నూనెలో వేపిన జీలకర్ర కలిపి తిని చూడండి. మొదటి దాంట్లో గింజ నమిలినప్పుడు మాత్రమే జీలకర్ర తెలుస్తుంది, అదీ పచ్చివాసనతో. రెండో దాంట్లో ప్రతి ముద్దలోనూ తెలుస్తుంది.

నూనె భయం ఉన్నవాళ్ళు లెక్క చూసుకోవాలి. రెండు టీస్పూన్ల నూనె అంటే సుమారు 80 కేలరీలు, నలుగురు పంచుకుంటే మనిషికి 20. డాక్టరు అసలు నూనే వద్దన్నవాళ్ళు కూడా గింజల్ని కుక్కర్లో వేయనక్కర్లేదు. జీలకర్ర, ఎండుమిర్చి ఖాళీ మూకుడులో సన్న సెగ మీద వేపి, కచ్చాపచ్చాగా దంచి, దించిన పప్పు మీద చల్లి వెంటనే మూత పెట్టాలి. నూనె పోపంత రాదు, కానీ పచ్చివాసన ఉండదు. ఆవాలు మాత్రం ఇలా వేపేటప్పుడు బయటికి ఎగిరిపడతాయి, మూకుడు మీద మూత ఉంచి వేపండి.