కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వస్తే ప్రమోటర్ బయటపడినట్టేనా?

కంపెనీ పెట్టే ప్రమోటర్లు చెప్పుకునే మాట ఇది: "కంపెనీ పుట్టకముందు 'కంపెనీ తరఫున' అని రాసి సంతకం పెడితే ప్రమోటర్‌కు సొంత బాధ్యత ఉండదు. రిజిస్ట్రేషన్ అయ్యాక బోర్డు ఒక తీర్మానం చేసి ఆమోదిస్తే చాలు, ఒప్పందం మొత్తం కంపెనీదే."

మొదటి వాక్యం తప్పు. రెండోది సగం నిజం, మనుషుల్ని ముంచేది ఆ సగమే.

సంతకం నాటికి కంపెనీయే లేదు. లేని కంపెనీకి ఏజెంటు ఎక్కడి నుంచి వస్తాడు? ఏజెంటు ఎవరి తరఫున ఒప్పందం చేస్తాడో ఆ ప్రిన్సిపాల్ పేరు బయటపెట్టినా అతని మీద దావా వేయడానికి వీలు లేకపోతే, ఏజెంటే సొంతంగా ఒప్పుకున్నట్టు భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 230వ సెక్షన్ భావిస్తుంది. వేరేగా రాసుకుంటే తప్ప ఇదే లెక్క.

1866 నాటి ఇంగ్లండ్ కేసు కెల్నర్ వర్సెస్ బాక్స్టర్ చూడండి. ఇంకా ఏర్పడని హోటల్ కంపెనీ తరఫున అని స్పష్టంగా రాసి ప్రమోటర్లు వైన్ సరుకు కొన్నారు. తర్వాత కంపెనీ ఏర్పడింది, ఆ కొనుగోలును ఆమోదించింది, వైన్ ఖర్చయిపోయింది. డబ్బు కట్టకముందే కంపెనీ దివాలా తీసింది. ఒప్పందం నాటికి లేని కంపెనీ దాన్ని తర్వాత ఆమోదించినా చెల్లదని చెప్పి, కోర్టు ప్రమోటర్లనే కట్టమంది.

మరి సగం నిజమేమిటి? మన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 15(హెచ్), 19(ఇ) సెక్షన్లు కొంత దారి ఇస్తాయి. ఒప్పందం కంపెనీ అవసరాల కోసం చేసినదై, దాని ఏర్పాటు నిబంధనలకు లోబడి ఉండి, కంపెనీ దాన్ని అంగీకరించి, ఆ మాట అవతలి పక్షానికి తెలియజేస్తే, ఒప్పందం అమలు చేయమని కంపెనీ కోర్టుకెళ్లొచ్చు, కంపెనీ మీదా వెళ్లొచ్చు. తీర్మానం మినిట్స్ బుక్‌లోనే ఉండిపోతే ఈ షరతు తీరదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఇంతా చేసినా ఈ సెక్షన్లు ప్రమోటర్‌ను విడుదల చేస్తామని ఎక్కడా అనలేదు. ఉదాహరణకు ఆఫీసు లీజు ఒప్పందం మీద ప్రమోటర్ సంతకం పెట్టాడు. కంపెనీ ఏర్పడి, ఓనరుకు అంగీకారం తెలిపి, కొన్ని నెలలు అద్దె కట్టి ఆపేసింది. ఓనరు కంపెనీని అడగొచ్చు, కానీ ప్రమోటర్‌ను వదిలేసినట్టు ఓనరు ఎక్కడా రాసివ్వలేదు. అద్దె కంపెనీ ఖాతా నుంచి వెళ్లిందన్న ఒక్క కారణంతో ప్రమోటర్ తప్పుకోలేడు.

తప్పుకోవాలంటే కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం నొవేషన్ చేసుకోవాలి. పాత ఒప్పందం రద్దయి, ఓనరుకూ కంపెనీకీ మధ్య కొత్తది రావాలి, ఓనరు సమ్మతి తప్పనిసరి. లేదా మొదటి ఒప్పందంలోనే, కంపెనీ ఏర్పడి దీన్ని అంగీకరించిన తేదీ నుంచి ప్రమోటర్‌కు బాధ్యత ఉండదని, ఫలానా తేదీలోగా కంపెనీ ఏర్పడకపోతే ఒప్పందం రద్దవుతుందని రాయించుకోవాలి. ఇలాంటి క్లాజుకు ఓనరు ఒప్పుకునేది సంతకానికి ముందే, తర్వాత అతనికి ఆ అవసరం ఉండదు.