యాప్ కమీషనా, సొంత డెలివరీయా: లెక్క తేల్చేది రోజుకు తొమ్మిది ఆర్డర్లే

ఫుడ్ డెలివరీ యాప్ ఎంత తీసుకుంటోందని చిన్న హోటల్ యజమానిని అడిగితే ఒప్పందంలో రాసిన కమీషన్ శాతమే చెబుతారు. చేతి నుంచి నిజంగా పోయేది అంతకంటే ఎక్కువ. ఆ తేడా తెలియకుండా సొంత డెలివరీ చౌకో కాదో తేల్చలేం.

విజయవాడ మొగల్రాజపురంలో ఇరవై కుర్చీల మీల్స్ హోటల్ ఒకటి ఉందనుకుందాం. ప్యాకింగ్‌తో కలిపి ఆర్డర్ విలువ 250 రూపాయలు. కమీషన్ 24 శాతం, పేమెంట్ ఛార్జీ 2 శాతం. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 5 శాతం జీఎస్టీ కింద నడిచే హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి ఆ 18 శాతం తిరిగి రాదు, ఖర్చులోనే కలుస్తుంది. అంటే 26 శాతం అనుకున్నది 30.68 శాతం అవుతుంది. 250లో 76.70 పోయి 173.30 చేతికి వస్తుంది. సరుకులు, గ్యాస్‌కు 90, డబ్బాలు, కవర్లకు 14 తీసేస్తే మిగిలేది 69 రూపాయలు. అద్దె, జీతాలు అందులోంచే కట్టాలి.

స్టేట్‌మెంట్‌లో కనిపించే మరో 5 శాతం జీఎస్టీని చూసి కంగారు పడక్కర్లేదు. అది కస్టమర్ కట్టిన పన్ను. 2022 జనవరి 1 నుంచి దాన్ని యాప్ కంపెనీయే వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేస్తోంది.

అసలు చిల్లు డిస్కౌంట్ దగ్గర పడుతుంది. హోటల్ తన ఖర్చుతో 50 రూపాయలు తగ్గించి, మిగిలిన 200 మీదే కమీషన్ కట్టిందనుకున్నా చేతికి వచ్చేది 138.64. ఖర్చులు పోగా మిగిలేది 35 రూపాయల లోపే, అంటే అంతకుముందు మిగిలినదాంట్లో సగం. అందుకే కమీషన్ ఒక శాతం తగ్గించమని బతిమాలే ముందు, ఆఫర్ ఖర్చులో మన వాటా ఎంతో చూసుకోవడం మేలని నా అభిప్రాయం. కొందరు యాప్‌లో ధర 30 శాతం పెంచి సరిపోయిందనుకుంటారు. అది సరిపోదు. వంద రూపాయలు చేతికి రావాలంటే ధర 144 పెట్టాలి, ఎందుకంటే కోత పెంచిన ధర మీదే పడుతుంది.

ఇప్పుడు సొంత దారి చూద్దాం. వాట్సాప్ బిజినెస్‌లో మెనూ పెట్టడం ఉచితం. యూపీఐలో బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే చెల్లింపుకు కమీషన్ లేదు. కాబట్టి 250లో సరుకులు, డబ్బాల ఖర్చు 104 పోగా 146 మిగులుతుంది. వినడానికి బాగానే ఉంది కానీ పార్శిల్ చేరవేసే మనిషి ఖర్చు ఇంకా తీయలేదు. కుర్రాడి జీతం 14,000, పెట్రోలు 4,000 అనుకుంటే, 26 రోజుల నెలకు రోజుకు 692 రూపాయలు. ఆరు ఆర్డర్లే వస్తే ఒక్కో దానికి 115 పడుతుంది. అప్పుడు మిగిలేది 31, డిస్కౌంట్ ఇచ్చిన యాప్ ఆర్డర్ కంటే తక్కువ. డిస్కౌంట్ లేని యాప్ ఆర్డర్‌తో సమానం కావాలంటే రోజుకు తొమ్మిది ఆర్డర్లు కావాలి.

తొమ్మిది ఏపాటి అనిపిస్తుంది. కానీ మీల్స్ ఆర్డర్లన్నీ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర లోపే మీద పడతాయి. పార్శిల్ ఇచ్చి, లిఫ్టు కోసం ఆగి, తిరిగి వచ్చేసరికి 25 నిమిషాలు. రెండు గంటల్లో ఐదు ట్రిప్పులు దాటవు. రాత్రి మరో ఐదు. అంటే ఒక కుర్రాడు గట్టిగా తిరిగితే పది, మనకు కావలసింది తొమ్మిది. మధ్యాహ్నం మాత్రమే నడిచే హోటల్‌కు, కస్టమర్ దగ్గర డెలివరీ ఛార్జీ తీసుకోకపోతే, నష్టమే. ఒకే ఆఫీసుకు ఎనిమిది మీల్స్ ఒక్క ట్రిప్పులో వెళితే మాత్రం లెక్క మారుతుంది.

అందుకే సొంత ఆర్డర్లను డెలివరీతో కాక, వచ్చి తీసుకెళ్లే పార్శిళ్లతో మొదలుపెట్టాలి. ఫోన్‌లో చెప్పి వచ్చి పట్టుకెళ్లేవారికి 20 రూపాయలు తగ్గించినా 126 మిగులుతుంది. కొత్తవాళ్లకు మన పేరు తెలిసేది మాత్రం యాప్‌లోనే. దాన్ని ఒక్కసారిగా మూసేస్తే ఆ దారి పోతుంది. యాప్‌లో పెట్టే ధరకూ కౌంటర్ ధరకూ తేడా ఉండకూడదనే షరతు మీ ఒప్పందంలో ఉందో లేదో ముందే చదువుకోండి. ఇలాంటి షరతుల మీద కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో స్విగ్గీ, జొమాటోలపై విచారణకు ఆదేశించింది.

సొంత ఆర్డర్లు తరచూ దెబ్బతినేది కౌంటర్ దగ్గరే. రద్దీలో ఫోన్ ఎత్తిన మనిషి "రెండు ఫుల్ మీల్స్, ఒకటి పెరుగు లేకుండా" అన్నది చీటీ మీద రాయకపోతే వంటగదిలో తప్పుతుంది, మళ్లీ కట్టిచ్చే డబ్బా మన ఖర్చే. కస్టమర్ పంపిన పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ ఇవ్వకూడదు, అది పాతదీ కావచ్చు, నకిలీదీ కావచ్చు. సౌండ్ బాక్స్ పలకాలి, లేదా మన యూపీఐ యాప్‌లో జమ కనిపించాలి. నాలుగు వారాలు ఒక నోట్‌బుక్‌లో ఫోన్ ఆర్డర్లను తేదీ, సమయం, దూరంతో రాయండి. డెలివరీ అడిగినవి రోజుకు తొమ్మిది దాటి, మధ్యాహ్నానికీ రాత్రికీ సగం సగంగా పడుతుంటేనే కుర్రాడిని పెట్టుకోండి.