బెంగళూరు అడ్వాన్స్ గారికి ఒక అద్దెదారు లేఖ

మహారాజశ్రీ అడ్వాన్స్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు మా ఓనర్ గారి ఖాతాలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ చల్లదనం సంగతి తర్వాత చెబుతాను.

హైదరాబాద్‌లో మీ తమ్ముడు నాకు బాగా తెలుసు. రెండు నెలల అద్దె, బుద్ధిమంతుడు. ఉద్యోగం మారి ఇక్కడికి వచ్చాక మీ దర్శనమైంది. 22,000 అద్దెకి ఆరు నెలల లెక్కన 1,32,000. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు చాలంటోంది కదా అన్నాను. "అలాంటి ఇల్లు దొరికితే నాకూ చెప్పండి సార్" అన్నాడు బ్రోకర్. నమూనా అంటే అంతే, రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది చదువుకోవడానికే.

మీరు తిరిగొచ్చే డబ్బే కదా, ఖర్చు కాదు కదా అని మా నాన్న ధైర్యం చెప్పాడు. మరి మిమ్మల్ని బాబాయి దగ్గర నూటికి రూపాయి వడ్డీకి తెచ్చాను. అంటే నెలకి 1,320. బ్రోకర్‌కి ఒక నెల అద్దె. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో మీలోంచి ఇంకో నెల అద్దె కోస్తామని అగ్రిమెంట్‌లోనే రాశారు. ఆ రెండూ కలిపి 44,000. అగ్రిమెంట్ 11 నెలలు, ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. 44,000ని 11తో భాగిస్తే నెలకి 4,000. వడ్డీ కూడా కలిపితే నా 22,000 ఇల్లు నిజానికి 27,320 ఇల్లు. ఆఫర్ లెటర్ చూసి జీతం పెరిగిందని సంబరపడ్డప్పుడు ఈ 5,320 ఏ గడిలోనూ కనిపించలేదు.

ఇక చల్లదనం. ఇల్లు చూసిన రోజు పాత అద్దెవాళ్లు ఉన్నారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తాళం తీసి చూస్తే సీలింగ్‌కి కొక్కెం, కిందికి వేలాడే రెండు వైర్లు. ఫ్యాన్లు వాళ్లవట, ట్యూబ్‌లైట్లూ వాళ్లవేనట. కర్టెన్ రాడ్లు కూడా పీక్కుపోయారు, గోడకి చిల్లులు మాత్రం నాకు వదిలారు. ఫ్యాన్లు, పరుపు, స్టవ్వు, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్, బకెట్లు, అన్నీ కలిపి 30,000 దాటాయి. మంచం జోలికి పోలేదు.

జీతమా? నేను చేరింది 18న, కంపెనీ జీతాల లెక్క 15నే మూసేస్తారట. ఈ పదమూడు పద్నాలుగు రోజులది వచ్చే నెల జీతంతో కలిపి ఇస్తారట. నలభై రోజుల పైన కూరగాయలు, బస్సు, రెండో నెల అద్దె కూడా బాబాయి పద్దులోకే వెళ్లాయి. ఆయన ఇప్పుడు ఫోన్‌లో ముందు నా ఆరోగ్యం అడుగుతున్నాడు, తర్వాత కంపెనీ ఆరోగ్యం.

ఇట్లు,
మీ అసలు యజమాని (కాగితం మీద)

తా.క.: ఆ చిల్లుల్ని ఈరోజే తారీఖుతో సహా ఫోటోలు తీసి ఓనర్ గారికి వాట్సాప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.