సవరణ: శ్రీహరికోట దగ్గర భూభ్రమణ వేగం

పాత టపాలోని వాక్యం: "భూమధ్యరేఖ దగ్గర సెకనుకు 465 మీటర్లు, ధ్రువం దగ్గర సున్నా. ఆ దామాషాలో తగ్గిస్తే 13.7 డిగ్రీల అక్షాంశంలో ఉన్న శ్రీహరికోటకు 394 మీటర్లు."

సరైన విలువ 452. వేగం అక్షాంశానికి దామాషాగా తగ్గదు, దాని కొసైన్‌ను బట్టి తగ్గుతుంది. ఎందుకంటే నేల మీది ప్రతి చోటూ భూమి అక్షం చుట్టూ ఒక వృత్తంలో తిరుగుతుంది. ఆ వృత్తానికి వ్యాసార్ధం భూకేంద్రం నుంచి కొలిచే దూరం కాదు, అక్షం నుంచి కొలిచే దూరం.

శ్రీహరికోటకు లెక్క ఇదీ: 6,378 కిలోమీటర్లను cos 13.7°, అంటే 0.9715తో గుణిస్తే వ్యాసార్ధం సుమారు 6,196 కిలోమీటర్లు. చుట్టుకొలత దాదాపు 38,930 కిలోమీటర్లు. దీన్ని 86,164 సెకన్లతో భాగించాలి. నక్షత్రాల పరంగా భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం అదే. 86,400 తీసుకుంటే ఫలితం సెకనుకు ఒక మీటరుకు పైగా తగ్గుతుంది.

కొసైన్ మొదట్లో చాలా నెమ్మదిగా తగ్గుతుంది. అందుకే 5.2 డిగ్రీల దగ్గర ఉన్న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ కేంద్రానికి, తూర్పు దిశ ప్రయోగాల్లో, శ్రీహరికోట కంటే భ్రమణం వల్ల అదనంగా దక్కేది సెకనుకు 11 మీటర్లే. దామాషా లెక్క దాన్ని 44గా చూపి మన కేంద్రానికి అన్యాయం చేస్తుంది.

ఏ సూత్రాన్నైనా 60 డిగ్రీల దగ్గర పరీక్షించండి: భూమధ్యరేఖ వేగంలో సగం రావాలి. మూడో వంతు వస్తే అది దామాషా లెక్కే.