నెలసరి ముందు వారం తిండి తగ్గిస్తే జరిగేది ఇదే

బరువు తగ్గాలని జిమ్‌కి వెళ్లే మహిళల్లో చాలామంది డైట్ నెలసరికి ముందు వారంలోనే చెడుతుంది. దీన్ని మనసు గట్టిగా లేకపోవడంగా చూడటం అన్యాయం.

అండం విడుదలయ్యే ముందు రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, అది ఆకలిని కొంత అణచివేస్తుంది. అండం విడుదలయ్యాక, అంటే నెలసరికి ముందు దాదాపు రెండు వారాల్లో, ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ పెరుగుతుంది. ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కువవుతుంది, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా కాస్త పెరగవచ్చు. ఆకలి పెరిగి, రోజుకు సగటున 150-200 కేలరీల వరకు ఎక్కువ తినడం మామూలే. కొందరిలో ఈ తేడా అసలు కనిపించదు.

చిక్కంతా బరువు చూసే మెషిన్ దగ్గర మొదలవుతుంది. రోజుకు 1,700 కేలరీలు తింటూ, సాయంత్రం బరువులెత్తే ఒక మహిళను ఊహించుకుందాం. నెలసరికి నాలుగు రోజుల ముందు మెషిన్ ఒక కిలో ఎక్కువ చూపించింది. కంగారుపడి 1,400కి తగ్గించింది. మూడో రోజు వర్కౌట్ మధ్యలోనే నీరసం. రాత్రి పదింటికి తీపి మీదకు మనసు లాగి, తగ్గించుకున్న కేలరీల కంటే ఎక్కువే తినేసింది. నిజానికి ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. ఆమె అంత తినలేదు. పెరిగింది చాలావరకు ఒంట్లో నిలిచిన నీరు. నెలసరి మొదలైన కొద్ది రోజులకు అది దానంతట అదే పోతుంది.

నా సలహా తిండి తగ్గించడం కాదు, ఆ వారం 150-200 కేలరీలు కలపడం. అవి ఎప్పుడు తింటున్నారన్నదే ముఖ్యం. రాత్రికి మిగల్చకుండా, వర్కౌట్‌కి గంట, గంటన్నర ముందు ఒక పండు, ఒక కప్పు పెరుగు తీసుకుంటే పిండిపదార్థం, ప్రొటీన్ రెండూ అందుతాయి. రాత్రి భోజనంలోనూ ప్రొటీన్ తగ్గకుండా చూసుకోవాలి. బరువును నిన్నటితో కాకుండా పోయిన నెలసరికి ఇన్నే రోజుల ముందు ఉన్న బరువుతో పోల్చాలి.

అయితే నెలసరి చక్రంలోని ప్రతి దశకూ వేరే మెనూ, వేరే వర్కౌట్ అంటూ అమ్ముతున్న ప్లాన్లకు గట్టి ఆధారాలు లేవు. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో సహజమైన హార్మోన్ల ఎగుడుదిగుళ్లు అణిగిపోతాయి కాబట్టి ఈ లెక్క వారికి వర్తించదు.

ఆకలి, నీరసం ఆ ఒక్క వారమే కాకుండా నెలంతా ఉంటే మాత్రం కథ వేరు. వ్యాయామానికి సరిపడా తిననప్పుడు మెదడు అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గుతాయి, నెలసరి దూరమవుతుంది, కాలక్రమంలో ఎముకలు బలహీనపడతాయి. గర్భం కాకుండా వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే కేలరీలు తగ్గించడం అక్కడితో ఆపి డాక్టర్‌ను కలవాలి.