తలకిందులైన కవర్లు

ఆదివారం మధ్యాహ్నం రొయ్యల వేపుడు మూడోసారి వడ్డించుకున్నాను. సాయంత్రానికి ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరు చూసి అయిదు రోజులకు రెండు రకాల మాత్రలు రాశాడు. మందుల షాపు కుర్రాడు వాటిని రెండు చిన్న కాగితపు కవర్లలో పోసి, పైన బాల్ పెన్నుతో 1-0-0 అని ఒకదాని మీద, 0-0-1 అని రెండోదాని మీద గీశాడు. మొదటి అంకె ఉదయానికి, నడిమిది మధ్యాహ్నానికి, చివరిది రాత్రికి. ఇంత మాత్రం నాకూ తెలుసు.

తెలియనిదల్లా, ఆ కవర్లను నేను తలకిందులుగా పట్టుకున్నానని. నిలువు గీతలాంటి ఒకటికీ, గుండ్రటి సున్నకూ తలా తోకా ఉండవు కదా! 1-0-0 కాస్తా తిరగేస్తే 0-0-1 అయిపోతుంది. ఉదయం వేసుకోవలసిన 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్, అంటే స్టెరాయిడ్, రాత్రి తొమ్మిదింటికి భోజనం చేసి మింగాను. రాత్రి వేసుకోవలసిన సెట్రిజిన్ ఉదయం ఇడ్లీల తర్వాత వేసుకున్నాను.

సోమవారం పగలు ఆఫీసులో మేనేజరు లెక్కలు చదువుతుంటే నా గడ్డం గుండెకు ఆనింది. ‘‘మీరు ఒప్పుకుంటున్నట్టేనా?’’ అని ఆయన అడిగితే, తల ఊపుతున్నాననుకుని నా పేరు మినిట్స్‌లో రాసేశారు. రాత్రయ్యేసరికి మాత్రం కళ్లు దీపాల్లా వెలిగాయి. ఒంటిగంటకు ఫ్యాన్ రెక్కలు తుడిచాను. ఆకలి వేస్తే డబ్బాలోని జంతికలన్నీ ఖాళీ చేశాను. రెండు గంటలకు పోపులపెట్టె తీశాను. మెంతుల గిన్నెలో ఎప్పటినుంచో కలిసిపోయిన ఆవాలు కనిపించాయి. కూర్చుని ఒక్కొక్కటే వేలి కొసతో ఏరడం మొదలుపెట్టాను.

అప్పుడే నడవాలో దగ్గు వినిపించింది. మా మామగారు బాత్రూం నుంచి వస్తున్నారు.

‘‘మీకూ నిద్ర పట్టలేదా అల్లుడుగారూ?’’

‘‘లేదండీ. మీరు?’’

‘‘ఇది మూడోసారి లేవడం. వయసు కదా.’’

ఆయన కూడా కూర్చుని ఆవాలు ఏరారు. ఇలా మూడు రాత్రులు గడిచాయి. నాలుగోనాడు పొద్దున్నే మా మరదలు వచ్చింది. ఆమె ఫార్మసిస్టు. కళ్ల కింద నల్లని వలయాలతో మేమిద్దరం సోఫాకు రెండు చివర్లా వాలి ఉండటం చూసి, ‘‘ఏం వేసుకుంటున్నారు?’’ అని మొదట అదే అడిగింది. నేను కవరు చేతిలో పెట్టాను. ఆమె మారుమాట లేకుండా దాన్ని నెమ్మదిగా తిప్పి నా ముందు పెట్టింది.

‘‘బావా, మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను తెల్లవారుజామున పెరుగుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. ప్రెడ్నిసలోన్ దానికి దగ్గరి చుట్టం. రాత్రి తొమ్మిదింటికి మింగితే, ఒంటికి తెల్లవారిందని చాటింపు వేయించినట్టే. అందుకే దాన్ని ఉదయం టిఫిన్ తర్వాత రాస్తారు. సెట్రిజిన్ కొందరికి మత్తు తెస్తుంది కనుక రాత్రికి రాశారు.’’

తర్వాత తండ్రి మందుల డబ్బా తెరిచింది. ఆయన రక్తపోటు మాత్ర ఒక్కటే, కానీ అందులో రెండు మందులు. రెండోది హైడ్రోక్లోరోథయాజైడ్. ఒంట్లోని ఉప్పునూ నీళ్లనూ మూత్రంతో బయటికి పంపే మందు. మింగిన రెండు గంటల్లో పని మొదలుపెట్టి చాలా గంటలు చేస్తుంది.

‘‘ఇది పొద్దున వేసుకోమన్నారు కదా నాన్నా?’’

‘‘పొద్దున వేసుకుంటే వాకింగ్‌లో పార్కు చుట్టూ ఎక్కడా బాత్రూం లేదమ్మా. అందుకని రాత్రికి జరుపుకున్నాను.’’

పార్కులో తప్పించుకున్నది ఇంట్లో పట్టుకుందన్నమాట. వయసు పాపం ఏ తప్పూ చేయకుండానే మాట పడింది. వాకింగ్ నుంచి వచ్చాక వేసుకున్నా సరిపోతుందేమో డాక్టరుని అడగండి, అంతవరకు మాత్ర మాత్రం మానొద్దని ఆమె గట్టిగా చెప్పింది. ఆయన డాక్టరు సోమవారం గాని దొరకడు.

నేను మా డాక్టరుకు ఫోను చేశాను. ‘‘ఇవాళ రాత్రి స్టెరాయిడ్ వద్దు, మిగిలినవి రేపటి నుంచి పొద్దున వేసుకోండి. సెట్రిజిన్ రాత్రికి మార్చండి’’ అన్నాడు. రొయ్యల సంగతి నేను ఎత్తకముందే ‘‘వద్దు’’ అని కూడా అన్నాడు.

మర్నాటి రాత్రి పదింటికే కునుకు పట్టింది. ఎంత హాయిగా పడుకున్నానో! రెండు గంటలకు తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు.

‘‘అల్లుడుగారూ, మెలకువగా ఉన్నారా? మెంతుల్లో ఇంకా నాలుగు ఆవాలు మిగిలాయి.’’